దాణా డబ్బాలో పురుగు ఎక్కడి నుంచి వస్తుంది?

(మా కాలనీ కమ్యూనిటీ హాల్లో, ధాన్యం గోదాముల్లో చాలాకాలం పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేనివాళ్ల కోసం రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లు కాస్త ముందుకు రండమ్మా. నా చేతిలో ఉన్న సీసా మీకు దగ్గరగా కనపడాలి. ఈ పూట నేను చెప్పబోయేదంతా ఈ సీసాలోనే ఉంది.

ఇందులో ఉన్నవి కొర్రలు. మా మనవరాలి లవ్ బర్డ్స్ కోసం కొన్నవి. గాజు సీసా, తిప్పి బిగించే రేకు మూత. ఇప్పుడు సీసాని పక్కకి వంచుతున్నాను, చూడండి. గింజలు జారాలి కదా? జారడం లేదు. పైన ఉన్న పిడికెడు గింజలు ఒకదాన్నొకటి పట్టుకుని వేలాడుతున్నాయి. దగ్గరికొచ్చి చూస్తే వాటి మధ్య సాలెగూడు లాంటి సన్నని పోగులు కనపడతాయి. మూత లోపలి అంచున తెల్లగా, బియ్యపు గింజంత గూళ్లు మూడున్నాయి. ఆ గూళ్లు కట్టుకున్న పురుగు రేపో ఎల్లుండో రెక్కలతో బయటికి వస్తుంది.

మూత బిగించింది నేనే. గట్టిగానే బిగించాను. మరి పురుగు ఎక్కడి నుంచి వచ్చింది?

రెండే దారులు. ఒకటి, కొన్నప్పుడే గింజల్లో గుడ్డు ఉంది. రెండు, మూత బిగించాక కూడా దానికి దారి దొరికింది. మనం ఎప్పుడూ మూడో దారి చెప్పుకుంటాం, 'గింజల్లోంచి పురుగు పుట్టింది' అని. గింజలోంచి పురుగు పుట్టదండీ. తల్లి పురుగు వచ్చి గుడ్డు పెడితేనే పుడుతుంది. ఈ ఒక్క మాట మనసులో పెట్టుకుంటే, డబ్బా కొనేటప్పుడు ఏం చూడాలో మనకే తెలుస్తుంది.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. పోయిన వానాకాలం వంటింట్లో సాయంత్రం లైటు వేస్తే చాలు, చిన్న చిన్న రెక్కల పురుగులు ఎగిరేవి. మా ఆవిడ బియ్యం డబ్బా ఖాళీ చేసింది, కడిగింది, ఎండబెట్టింది. పప్పులన్నీ ఎండలో పోసింది. పది రోజులు తగ్గినట్టుండి మళ్లీ మొదలు. మినప్పప్పు మీద అనుమానం, గోధుమపిండి మీద అనుమానం. నాలుగు నెలలండీ! చివరికి ఏమైందంటే, ఒకరోజు గోడా పైకప్పూ కలిసేచోట పాకుతున్న తెల్లపురుగుని చూసి, అది ఏ వైపు నుంచి వస్తోందో కనిపెడుతూ కూర్చున్నాను. అది వంటింటి నుంచి రావడం లేదు. అటక మీద నుంచి వస్తోంది. అటక మీద ఏముంది? పక్షుల గింజల సంచి. ఐదు కిలోలు తెచ్చి, కిలో సీసాలో పోసుకుని, మిగిలింది మూతి మడిచి అటకెక్కించాం. వంటింట్లో తినే సరుకంతా వెతికాం కానీ, మనం తినని సరుకు గురించి ఒక్కసారీ ఆలోచించలేదు.

ఇక్కడున్న ఎంతమంది ఇళ్లలో కుక్క ఉంది? చాలామందే. పక్షులు? గేదె గానీ ఆవు గానీ ఉన్నవాళ్లు? మన కాలనీ చివర వీధిలో ఇంకా ఉన్నాయి, సంతోషం. మీ అందరి ఇళ్లలోనూ ఆ సంచి వంటింట్లో ఉండదు. మెట్ల కింద, వరండాలో, బాత్రూమ్ పక్క గదిలో, పాకలో ఉంటుంది. రోజూ దాని మీద చూపు పడదు. అందుకే ఊరి పురుగులన్నీ అక్కడికే చేరతాయి.

ఇప్పుడు ఏ పురుగు ఏం చేస్తుందో చెబుతాను. పేర్లు గుర్తుపెట్టుకోనక్కర్లేదు, గుర్తులు పెట్టుకోండి. గింజలు పోగులతో ఉండకట్టుకుని ఉంటే అది రెక్కల పురుగు పని. రెక్కలున్న తల్లి మన సరుకేమీ తినదు. ఒకటి రెండు వారాలు బతికి, వందకు పైగా గుడ్లు పెట్టి పోతుంది. తినేదంతా పిల్లపురుగే. ఇక జొన్నల్లాంటి వాటిలో గింజకు గుండ్రని చిల్లు పడి, అడుగున మెత్తని పిండి రాలి ఉంటే అది ముక్కుపురుగో, నుసి పురుగో. వీటి పిల్లలు గింజ లోపలే పెరుగుతాయి కాబట్టి, బయటికి వచ్చేదాకా మనకి కనపడవు. జల్లెడ పట్టినా పోవు. తవుడులో, మేత పిండిలో ఎర్రగా, చదునుగా, చురుగ్గా పరిగెత్తేది పిండి పురుగు. దీనికి నిండు గింజ కొరకడం సరిగా చేతకాదు, నలిగిందీ పొడైందీ కావాలి. అది ఎక్కువైతే తవుడు కారు వాసన వేస్తుంది. గేదె మూతి పెట్టి వెనక్కి తీసుకుందంటే ఒకసారి ఆ వాసన చూడండి. డాగ్ ఫుడ్‌లో ఇంకొకటి వస్తుంది. చిన్నది, గుండ్రంగా, గోధుమ రంగులో, తల కిందికి దించుకుని గూనిగా ఉంటుంది. పొగాకులోనూ మిరపకారంలోనూ పడేది ఇదే. గుంటూరు వైపు వాళ్లకి దీన్ని నేను పరిచయం చేయనక్కర్లేదు.

ఇది చెప్పడం ఎందుకంటే, వీటిలో కొన్ని తొలుస్తాయి, కొన్ని తొలవలేవు. ఆ గూని పురుగు, నుసి పురుగు పల్చని ప్లాస్టిక్ కవరుని తొలిచేస్తాయి. రెక్కల పురుగు పిల్ల కూడా పల్చని కవరుకి చిల్లు పెట్టగలదు. పిండి పురుగు తొలవలేదు, కానీ ఉన్న సందుని వెతుక్కుంటుంది. సంచి కుట్టిన సూది చిల్లు చాలు, దాని పిల్ల దూరడానికి. అందుకని షాపు నుంచి వచ్చిన సంచిని మడిచి క్లిప్పు పెట్టడం, కవరు మీద ఇంకో కవరు తొడగడం, ఇవేవీ నిలవ పద్ధతులు కావు. వాటితో నాలుగు రోజులు నెట్టుకురావచ్చు, అంతే.

సరే, డబ్బా సంగతికి వద్దాం. మళ్లీ ఈ సీసా చూడండి. గాజుని ఏ పురుగూ తొలవదు. రేకునీ తొలవదు. మరి లోపం ఎక్కడుంది? మూతలో! ఇదిగో, మూత తీసి సీసా మెడ చూపిస్తున్నాను. మెడ చుట్టూ మరలు ఉన్నాయి కదా? అవి మెట్లలాగా చుట్టూ తిరిగి పైకి వెళ్తాయి. మూత ఎంత బిగించినా ఆ మెట్ల వెంట సన్నని దారి మిగులుతుంది. రెక్కల పురుగు లోపలికి రానక్కర్లేదు. గింజల వాసన పట్టి మూత అంచున గుడ్లు పెడుతుంది. గుడ్డు లోంచి వచ్చిన పిల్ల మిల్లీమీటరు పొడవుంటుంది, దారంలా సన్నగా. అది ఆ మెట్లు ఎక్కి, సీసా అంచు మీదుగా లోపలికి దిగుతుంది. ఈ దారి మూసేది ఒక్కటే, మూత లోపల మెత్తని రబ్బరు రింగు. మూత బిగిస్తే ఆ రింగు సీసా అంచు మీద చుట్టూతా నొక్కుకోవాలి. ఈ మూతలో రింగు లేదు. అందుకే ఇలా అయింది.

కాబట్టి డబ్బా కొనేటప్పుడు గోడలు ఎంత మందమని చూసే ముందు మూత తిప్పి చూడండి. రింగు ఉందా? మెత్తగా ఉందా, ఎండి పగిలిందా? చుట్టూతా ఉందా, మధ్యలో తెగిందా? చిన్న డబ్బా అయితే పరీక్ష సులువు. కాసిని నీళ్లు పోసి, మూత పెట్టి, తలకిందులు చేసి రెండు నిమిషాలు పట్టుకోండి. చుక్క కారితే పిల్లపురుగుకీ దారి ఉన్నట్టే. పెద్ద డ్రమ్ముకి అలా చేయలేం కదా? దానికి కాగితం పరీక్ష. న్యూస్‌పేపరు చీలిక ఒకటి అంచు మీద పెట్టి, మూత మూసి, లాగండి. తేలిగ్గా జారి వస్తే అక్కడ సందు ఉంది. చుట్టూ ఎనిమిది చోట్ల ఇలా చూడండి. నేను మా వీధిలో చూసిన స్టీలు బియ్యం డబ్బాల్లో చాలావాటికి ఒక వైపు గట్టిగా, ఎదురు వైపు వదులుగా ఉంది. ఎన్నిసార్లో కిందపడి, నోరు గుండ్రం పోయి కోలగా అయిపోయింది. అలాంటిదాన్ని రేకు డబ్బా కదా అని నమ్మకండి.

ఎలుకలున్న చోట లెక్క వేరు. చుంచెలుకకి ఆరు మిల్లీమీటర్ల సందు చాలు, అంటే పెన్సిల్ దూరే చిల్లు. మామూలు ప్లాస్టిక్ బకెట్‌ని ఎలుక ఒక్క రాత్రిలో కొరుకుతుంది. కానీ ఒకటి గమనించండి. నున్నగా, గుండ్రంగా ఉన్న గోడని అది కొరకలేదు, పళ్లకి పట్టు దొరకదు. ఎక్కడ కొరుకుతుంది? మూత అంచు దగ్గర, పిడి దగ్గర, అడుగున గాడి దగ్గర. మీ డబ్బా మీద పళ్ల గాట్లు ఎక్కడున్నాయో ఇంటికెళ్లి చూడండి, నేను చెప్పిన చోటే ఉంటాయి. పాకలో పెట్టే డబ్బా అయితే రేకుదే మేలు. లేదా మందమైన నీలం డ్రమ్ము, మూత చుట్టూ ఇనుప రింగు వేసి లివరుతో బిగించేది. ఆ రింగు కొరికే అంచుని కప్పేస్తుంది. పాత డ్రమ్ము కొనేవాళ్లు అంతకుముందు అందులో ఏం పోశారో తప్పకుండా అడగండి. పురుగుమందో, కెమికలో ఉన్న డ్రమ్ము ఎంత కడిగినా మేతకి పనికిరాదు.

ఇప్పుడు నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పాలనుకున్న మాట. డబ్బా పురుగుని చంపదు! బయటిది లోపలికి రానివ్వదు, లోపలిది బయటికి పోనివ్వదు. అంతే దాని పని. గుడ్లున్న గింజలు తెచ్చి మంచి డబ్బాలో పోస్తే, పురుగులకి మనమే మంచి ఇల్లు కట్టించినట్టు అవుతుంది.

ఎవరో అంటున్నారు, గాలి ఆడకపోతే అవే చస్తాయి కదా అని. నిజమే, చస్తాయి. మన పాతకాలం పాతర్లలో జరిగింది అదే. ధాన్యం నిండుగా పోసి మట్టితో మూసేస్తే లోపలి గాలిలో ప్రాణవాయువు అయిపోయి పురుగు చచ్చేది. ఇప్పుడు రెండు మూడు పొరల సంచులు కూడా అదే సూత్రం మీద పనిచేస్తున్నాయి. అలసందల కోసం ఆఫ్రికాలో కామెరూన్ రైతులతో కలిసి 1980ల చివర్లో అలాంటివి తయారుచేశారు. కానీ షరతు ఏంటి? నిండుగా ఉండాలి, వారాల తరబడి తెరవకూడదు. మనం పూటపూటకీ తెరిచే డబ్బాలో, సగం ఖాళీగా ఉన్న డబ్బాలో అది జరగదు. తెరిచినప్పుడల్లా కొత్త గాలి ఇస్తున్నాం కదా.

అందుకని పక్షుల గింజలైతే డబ్బాలో పోసే ముందు ఫ్రీజర్‌లో పెట్టండి. కిలో కిలోగా కవర్లలో కట్టి, వారం రోజులు. మైనస్ 18 డిగ్రీల దగ్గర నాలుగు రోజులు చాలంటారు, కానీ మన ఇళ్లలో ఫ్రీజర్లు మాటిమాటికీ తెరుస్తాం, కరెంటు పోతుంది, అందుకే వారం అంటున్నాను. బయటికి తీశాక వెంటనే కవరు విప్పకండి. చల్లటి గింజల మీద గాలిలోని తేమ నీళ్లు పడుతుంది, ఆ తడికి బూజు వస్తుంది. పూర్తిగా మామూలు వేడికి వచ్చాకే విప్పండి.

ఫ్రీజర్‌లో చోటు లేనివాళ్లకి మన ఎండ ఉంది. అయితే ఊరికే బట్ట మీద పోస్తే పురుగులు వేడికి అంచుల్లోంచి పాకిపోయి మళ్లీ ఇంట్లోకే వస్తాయి. కింద నల్ల ప్లాస్టిక్ పట్టా, దాని మీద అంగుళానికి మించకుండా గింజలు, పైన పారదర్శకంగా ఉండే పాలిథిన్, చుట్టూ అంచుల మీద రాళ్లు. ఎండాకాలం మధ్యాహ్నం రెండు మూడు గంటలు అలా ఉంచితే లోపల వేడి అరవై డిగ్రీలు దాటుతుంది, గుడ్లు కూడా మిగలవు. చల్లారాకే డబ్బాలో పోయండి. డాగ్ ఫుడ్‌ని మాత్రం ఎండలో పెట్టకండి, అందులో కొవ్వు కనరెక్కుతుంది. దానికి ఫ్రీజరే.

ఇక గేదె దాణా. దీన్ని ఫ్రీజర్‌లో పెట్టలేం, యాభై కిలోల సంచి. మరి ఏం చేయాలి? ఇక్కడ ఒక లెక్క ఉంది, నాకు చాలా ఇష్టమైన లెక్క. మన వేడికి పురుగు గుడ్డు నుంచి మళ్లీ గుడ్డు పెట్టేదాకా నెలా నెలన్నర పడుతుంది. పాలిచ్చే గేదెకి రోజుకి నాలుగు కిలోల దాణా పెడితే యాభై కిలోల సంచి పన్నెండు రోజుల్లో అయిపోతుంది. పన్నెండు రోజుల్లో పురుగుకి తరం తిరగదు. అలాంటప్పుడు ఆ ఇంట్లో పురుగే ఉండకూడదు కదా? మరి ఎందుకు ఉంటోంది?

చివరి వీధిలో ఒకాయన ఇదే అడిగారు. 'వారం క్రితం తెచ్చిన సంచి అండీ, అప్పుడే పురుగు, షాపువాడు మోసం చేశాడు' అన్నారు. వెళ్లి డ్రమ్ము చూశాను. పైన తాజా తవుడు, పత్తిచెక్క కలిపింది. చెయ్యి అడుగుదాకా పోనిచ్చాను. అడుగున నాలుగు వేళ్ల మందాన గట్టిగా, గడ్డలా ఒక పొర తగిలింది. పిడికెడు తీసి వరండాలో తెల్ల పళ్లెంలో పోశాం. ఒక్క నిమిషంలో పళ్లెమంతా కదలడం మొదలుపెట్టింది. పిండి పురుగులు, వాటి పసుపుపచ్చ పిల్లలు, మధ్యలో బూజు ఉండలు. ఆ పొర ఎప్పటిది అని అడిగితే, 'డ్రమ్ము ఎప్పుడూ పూర్తిగా ఖాళీ చేయలేదండీ, అయిపోకముందే కొత్త సంచి పోసేస్తాం' అన్నారు. అంటే ఏంటి? సంచి వయసు వారమే కానీ, అడుగు పొర వయసు ఏడాది. పైనున్న ప్రతి కొత్త సంచికీ కింద నుంచి విత్తనం పడుతోంది.

ఆయన ఏం చేశారంటే, అడుగుది తీసి దూరంగా గొయ్యి తీసి పూడ్చారు. డ్రమ్ము సబ్బునీళ్లతో కడిగి, అంచు గాడిలో ఇరుక్కున్న తవుడు పాత బ్రష్షుతో గీకి, ఎండలో రెండు రోజులు బోర్లించారు. ఆ తర్వాత రెండు డ్రమ్ములు పెట్టుకున్నారు. ఒకటి పూర్తిగా ఖాళీ అయ్యాకే, తుడిచాకే, దానిలో మళ్లీ పోయడం. యాభై కిలోల గుళికల దాణాకి దాదాపు ఎనభై లీటర్ల డ్రమ్ము కావాలి, తవుడైతే తేలిక కాబట్టి ఇంకా పెద్దది. డ్రమ్ము నేల మీద కాకుండా ఇటుకల మీద, గోడకి జానెడు దూరంలో పెట్టారు. నేల చెమ్మ అడుగుకి తగలదు, వెనక ఎలుక దాక్కోదు. ఇప్పుడు మూడు నెలలైంది, పురుగు లేదు.

ఆ బూజు ఉండల గురించి ఒక్క నిమిషం. పురుగు తిన్న తవుడు గేదెకి పెద్ద ప్రమాదం కాదు, కొంత బలం తగ్గుతుంది. బూజు అలా కాదు. వేరుశనగ చెక్కకి, పత్తిచెక్కకి, మొక్కజొన్నకి పట్టే ఒక రకం బూజు అఫ్లాటాక్సిన్ అనే విషం తయారు చేస్తుంది. 1960లో ఇంగ్లండ్‌లో లక్ష టర్కీ కోళ్లు చచ్చిపోతే, కారణం వేరుశనగ చెక్కలో ఉన్న ఈ విషమేనని ఆ తర్వాత తేలింది. గేదె తింటే అది కొంత మార్పుతో పాలలోకి వస్తుంది, ఆ పాలు మన పిల్లలు తాగుతారు. ఎండబెడితే బూజు రాలిపోతుంది కానీ విషం పోదు. కాచినా పోదు. పురుగులు ఎక్కువైతే వాటి ఊపిరి తడికి దాణా వేడెక్కి, చెమ్మపట్టి బూజుకి దారి ఇస్తుంది. డ్రమ్ములో చెయ్యి పెట్టినప్పుడు లోపల వెచ్చగా తగిలితే అనుమానించండి. బూజు పట్టినదాన్ని కోళ్లకైనా వేద్దాం అనుకోవద్దు. దయచేసి వద్దు.

మీ ప్రశ్నలు అడగండి. అమ్మా, మీరు.

'డాగ్ ఫుడ్ సంచికి జిప్ ఉంది కదా, చాలదా?' చాలదమ్మా. జిప్ గాడిలో పొడి ఇరుక్కుంటే అది పూర్తిగా మూసుకోదు. కొన్ని సంచులకు గాలి పోవడానికి సూదిమొన చిల్లులు కూడా ఉంటాయి. అలాగని సంచి పారేయకండి. ఉన్న సంచిని ఉన్నట్టే రింగు మూత డబ్బాలో దించండి. గడువు తేదీ, బ్యాచ్ నంబరు సంచి మీదే ఉంటాయి, కొవ్వు డబ్బా గోడలకి అంటుకుని కనరెక్కదు. పది కిలోల సంచికి పాతిక లీటర్లకు పైబడిన డబ్బా కావాలి. మీ కుక్క రోజుకి మూడు వందల గ్రాములు తింటే పది కిలోలు నెల వస్తుంది, అది సరైన కొలత. చవకని ఇరవై కిలోలు తెస్తే రెండో నెల పురుగుదే.

'వేపాకు వేస్తే?' ఎండు వేపాకు గింజల్లో వేస్తే కొత్త పురుగుని కొంత దూరం ఉంచుతుందేమో గానీ, ఉన్న గుడ్లని చంపదు, మూత సందుని మూయదు. పచ్చి ఆకు వేస్తే తేమ చేరి ఇంకా చేటు. బియ్యంలో కలిపినట్టు బోరిక్ పౌడర్ పక్షుల గింజల్లో కలపకండి. కలరా ఉండలు డబ్బా దగ్గర అసలు పెట్టకండి, ఆ ఆవిరి పక్షులకి విషం, కుక్క మింగితే ప్రాణం మీదికి వస్తుంది. గోదాముల్లో వాడే మందు బిళ్లలు ఇంటికి తేవద్దు. వాటి గ్యాసుతో మనుషులు పోతారు. గోదాముల్లో ఆ పని చుట్టూ ఎన్ని జాగ్రత్తలు తీసుకునేవాళ్లమో నాకు తెలుసు కాబట్టి చెబుతున్నాను.

చివరి ప్రశ్న, వెనక నుంచి. 'అన్నీ శుభ్రం చేశాక కూడా రెక్కల పురుగులు కనపడుతున్నాయి, పని జరగనట్టేనా?' టెన్షన్ పడకండి. పిల్లపురుగు ఎదిగాక తిండి వదిలేసి దూరంగా పాకి, పైకప్పు మూలల్లో, కబ్బోర్డు కీళ్ల దగ్గర, కేలండర్ వెనక గూడు కట్టుకుంటుంది. అవి ఇప్పుడు ఒక్కొక్కటే బయటికి వస్తున్నాయి. ఆ మూలలు తడిగుడ్డతో తుడవండి, రోజుకి ఎన్ని కనపడ్డాయో కేలండర్ మీద రాయండి. అంకె వారం వారం తగ్గుతూ ఆరు వారాల్లో ఆగిపోవాలి. మా ఇంట్లో అటక ఖాళీ చేసిన ముప్పై ఎనిమిదో రోజున చివరిది కనపడింది. ఆరు వారాలు దాటినా అంకె తగ్గకపోతే, ఇంట్లో ఇంకా తెరవని సంచి ఒకటి ఎక్కడో ఉంది. నన్ను పిలవండి, వచ్చి కలిసి వెతుకుతాను.